పేరు కుదిరినా పటం తప్పవచ్చు: రంగు నింపిన పటాలకు స్థలనామాలను సిద్ధపరచే విధానం – తెనాలి, బాపట్ల, రేపల్లె ఉదాహరణ

సారాంశం

రాష్ట్రాలవారీగా లేదా దేశాలవారీగా దిగుబడి, విస్తీర్ణం వంటి విలువలను చూపడానికి ఎక్సెల్‌లోని రంగు నింపిన పటం సులభమైన సాధనం. ఈ పటం గీయడానికి అక్షాంశ రేఖాంశాలు గాని, సరిహద్దు ఫైళ్లు గాని అవసరం లేదు, స్థలం పేరు ఉంటే చాలు. దాని సౌలభ్యమూ, దాని ప్రమాదమూ ఆ పేరులోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఒక పేరును గుర్తించినంత మాత్రాన, మన పట్టికలో ఆ పేరు సూచించే భూభాగమూ పటంలో రంగు పడిన భూభాగమూ ఒకటేనని నిర్ధారణ కాదు. పేర్లను శుద్ధి చేయడం, ఒక్కొక్క పేరు ఏ కాలంలో ఏ భూభాగాన్ని సూచించిందో సరిచూడడం, ఆ తరువాతే రంగు నింపడం అనే క్రమాన్ని కృష్ణా పశ్చిమ డెల్టాలోని మూడు స్థలాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

1. పటం పనిచేసే తీరు

ఎక్సెల్ 2019లోను, మైక్రోసాఫ్ట్ 365లోను ఈ సదుపాయం ఉంది. ఒక నిలువు వరుసలో స్థలాల పేర్లు, దాని పక్క వరుసలో విలువలు ఉంచి, రెండింటినీ ఎంచుకొని Insert, Maps, Filled Map అనే వరుసలో నొక్కితే పటం ఏర్పడుతుంది. పేర్లు అంతర్జాలం ద్వారా బింగ్ సేవకు చేరుతాయి. ఆ సేవ ప్రతి పేరుకూ తగిన సరిహద్దు ఆకృతిని వెతికి తెస్తుంది, దానిలో విలువను బట్టి రంగు నిండుతుంది. అంతర్జాలం లేనప్పుడు పాత పటం కనిపిస్తుంది గాని కొత్త పటం తయారు కాదు. వివరాలు బయటి సేవకు వెళ్తున్నందున, రైతుల పేర్లు, ఫోను నంబర్లు ఉన్న సర్వే పట్టికను నేరుగా ఎంచుకోకూడదు. స్థలం పేరు, విలువ మాత్రమే గల వేరొక పుటను తయారుచేసుకోవాలి.

ఈ పటానికి తెలిసిన స్థాయిలు కొన్నే: దేశం, రాష్ట్రం, జిల్లా వంటి ఉపవిభాగం, పోస్టల్ కోడ్. ఊరిని చుక్కగా గుర్తించడం, వీధి చిరునామాను చూపడం, అక్షాంశ రేఖాంశాలను స్వీకరించడం దీనికి సాధ్యం కాదు. మన విస్తరణ నివేదికలలో అత్యధిక భాగం మండల స్థాయివి కనుక ఈ పరిమితిని మొదటే గమనించాలి. తెనాలి మండలానికి విడిగా రంగు నింపడం ఈ సాధనంతో జరిగే పని కాదు.

కొన్ని పేర్లు సందిగ్ధంగా ఉన్నప్పుడు పటం పైమూలలో చిన్న హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది. దానిని నొక్కితే ఎంత శాతం స్థలాలను నమ్మకంగా గుర్తించగలిగిందో తెలుస్తుంది. అయితే గుర్తించని రాష్ట్రమూ, విలువ లేని రాష్ట్రమూ పటంలో ఒకే విధంగా రంగు లేకుండా మిగులుతాయి. ‘ఆ రాష్ట్రంలో ఈ పంట లేదు కాబోలు’ అని చదువరి అనుకునే చోట నిజానికి అక్షరదోషం ఉండవచ్చు. అందువల్ల పేర్లను పటం గీయక ముందే పట్టికలో పరీక్షించాలి.

2. పేర్లను శుద్ధి చేయడం

మనకు లభించే గణాంకాలు ఎక్కువగా పీడీఎఫ్ నివేదికలలోని పట్టికలు. వాటిని నకలు చేసినప్పుడు పేరుతోపాటు కంటికి కనిపించనివి కూడా వస్తాయి. పేరు చివర అదనపు ఖాళీ ఉంటుంది. కొన్ని ఖాళీలు సాధారణమైనవి కాక, TRIM ప్రమేయానికి లొంగని ప్రత్యేక రకానికి చెందుతాయి. ఇరుకైన గడిలో రెండు వరుసలుగా అచ్చయిన ‘Andhra Pradesh’ మధ్య వరుస విరుపు మిగిలి ఉంటుంది. పాద సూచిక కోసం పెట్టిన నక్షత్రపు గుర్తు పేరుకు అంటుకొని ఉంటుంది. మూల పేరును A వరుసలో ఏమాత్రం మార్చకుండా ఉంచి, B వరుసలో ఈ కింది సూత్రంతో వీటినన్నిటినీ తొలగించవచ్చు.

```
=TRIM(CLEAN(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(A2,UNICHAR(160)," "),CHAR(10)," "),"*","")))
```

వరుస విరుపును ముందుగా ఖాళీగా మార్చడానికి కారణం ఉంది. ఆ పనిని CLEAN ప్రమేయానికే వదిలితే అది విరుపును తీసివేసి రెండు పదాలనూ కలిపివేస్తుంది. ‘AndhraPradesh’ అనే కొత్త దోషం పుడుతుంది.

రెండవ దశలో Names అనే వేరొక పుటలో సమానార్థక పట్టికను నిర్మించుకోవాలి. ఎడమ వరుసలో నివేదికలలో కనిపించే ప్రతి రూపమూ, కుడి వరుసలో మనం వాడదలచిన ఒకే ఒక రూపమూ ఉండాలి. Orissa, Odisha రెండింటికీ ఎదురుగా Odisha. Pondicherry, Puducherry రెండింటికీ ఎదురుగా Puducherry. Uttaranchal, Uttarakhand రెండింటికీ ఎదురుగా Uttarakhand అని రాయాలి. A.P., U.P., T.N. వంటి పొడి అక్షరాలను పూర్తి పేరుగా విప్పాలి. ప్రామాణిక రూపం ఎడమ వరుసలోనూ ఒకసారి ఉండాలన్నది మరువరాదు, లేకుంటే సరైన పేరే దొరకకుండా పోతుంది. 2020 జనవరి 26 నుంచి దేశంలో 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయి. ప్రస్తుత పాలనా విభజన ప్రకారం పటం గీస్తున్నట్లయితే కుడి వరుసలోని భిన్నమైన పేర్లు 36 కంటే మించకూడదు. ఆ పైన C వరుసలో ఈ సూత్రాన్ని ఉంచాలి.

```
=IFERROR(VLOOKUP(B2,Names!$A$2:$B$80,2,FALSE),"CHECK")
```

CHECK అని వచ్చిన ప్రతి గడినీ మనిషి చూసి నిర్ణయించాలి. నక్షత్రపు గుర్తును ముందే తీసివేయడానికి ఇక్కడ మరొక కారణం కనిపిస్తుంది. VLOOKUP దృష్టిలో ఆ గుర్తుకు ‘ఏ అక్షరాలైనా సరే’ అని అర్థం. అది మిగిలి ఉంటే దొరకవలసిన దోషం దొరకకుండా, దగ్గరలోని మరో పేరు సరిపోయినట్లు కనిపించవచ్చు.

‘All India’, ‘Others’, ‘Total’ అనే అడ్డు వరుసలు స్థలాలు కావు. వాటిని పటానికి ఇచ్చే భాగం నుంచి తొలగించాలి. అలాగే విలువ అందుబాటులో లేని చోట సున్నా వేయకూడదు. సున్నా అంటే పంట లేదని అర్థం, ఖాళీ అంటే సమాచారం లేదని అర్థం. సున్నా వేస్తే ఆ రాష్ట్రం అతి తక్కువ దిగుబడి గల రాష్ట్రంగా రంగు పొందుతుంది.

మూడవది పై స్థాయి పేరును జోడించడం. పంజాబ్ మన దేశంలోనూ, పాకిస్థాన్‌లోనూ ఉంది. జార్జియా ఒక దేశమూ, అమెరికాలోని ఒక రాష్ట్రమూ. జిల్లాలకు వస్తే ఈ చిక్కు ఇంకా ఎక్కువ: బిలాస్‌పూర్ హిమాచల్‌ప్రదేశ్‌లోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది, ప్రతాప్‌గఢ్ ఉత్తరప్రదేశ్‌లోనూ రాజస్థాన్‌లోనూ ఉంది. కనుక Country, State, District అనే మూడు వరుసలను పెద్ద స్థాయి నుంచి చిన్న స్థాయికి అమర్చి, శీర్షికలతో సహా ఎంచుకోవాలి. ఒక వరుసలో ఒకే స్థాయి పేర్లు ఉండాలి. జిల్లాల వరుసలో ఒక చోట రాష్ట్రం పేరు, మరొక చోట పట్టణం పేరు చేరితే గుర్తింపు చెదిరిపోతుంది.

3. అదే పేరు, వేరే భూభాగం

పై శుద్ధి అంతా అక్షరాలకు సంబంధించినది. సూత్రాలకు దొరకని దోషం ఇంకొకటి ఉంది. 2010–11 సంవత్సరపు వరి దిగుబడిని రాష్ట్రాలవారీగా పటంలో చూపాలనుకొందాం. ఆ ఏటి నివేదికలో ‘Andhra Pradesh’ అని ఉంటుంది. అక్షరదోషం లేదు, CHECK రాదు, హెచ్చరిక గుర్తూ రాదు. కాని ఆ అంకె 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రానిది. సాఫ్ట్‌వేర్ నేటి సరిహద్దుతో ఉన్నట్లయితే, 2014 జూన్ 2 తరువాత మిగిలిన రాష్ట్రానికి మాత్రమే ఆ రంగు పడి, తెలంగాణ ఖాళీగా ఉంటుంది. తెలంగాణ ప్రాంతపు చెరువుల కింద, బావుల కింద పండిన వరి కూడా కోస్తా డెల్టా లెక్కలోకి చేరిపోతుంది.

దీనికి పరిష్కారం జిల్లా అంకెలకు వెళ్లడమే. నాటి 10 తెలంగాణ జిల్లాల ఉత్పత్తినీ విస్తీర్ణాన్నీ విడిగా కూడి, మిగిలిన 13 జిల్లాల ఉత్పత్తినీ విస్తీర్ణాన్నీ విడిగా కూడి, రెండు చోట్లా ఉత్పత్తిని విస్తీర్ణంతో భాగించాలి. అప్పటికీ కొద్ది తేడా మిగులుతుంది, ఎందుకంటే ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు మండలాలు 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ తేడాను సవరించలేనప్పుడు పటం కింద చెప్పి విడవాలి.

4. తెనాలి, బాపట్ల, రేపల్లె

ఇదే సమస్య జిల్లా స్థాయిలో మరింత సూక్ష్మంగా ఎదురవుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. మూడింటికీ ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువ నీరే ఆధారం. ఖరీఫ్ వరి తరువాత మినుము, మొక్కజొన్న వేయడం మూడు చోట్లా పరిచితమే. సస్యశాస్త్ర దృష్టిలో ఒకే మండలంగా భావించదగిన ఈ మూడు స్థలాలను పాలనా సరిహద్దు మాత్రం 2022 ఏప్రిల్ 4న విడదీసింది. ఆనాటి పునర్విభజనలో 13 జిల్లాలు 26 అయ్యాయి.

| స్థలం | 2022 ఏప్రిల్ 3 వరకు జిల్లా | పునర్విభజనలో చేరిన జిల్లా | పటానికి ఇవ్వవలసిన జిల్లా పేరు |
|---|---|---|---|
| తెనాలి | గుంటూరు | గుంటూరు | Guntur |
| బాపట్ల | గుంటూరు | బాపట్ల | Bapatla |
| రేపల్లె | గుంటూరు | బాపట్ల | Bapatla |

ఈ పట్టికలో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది బాపట్ల అనే పేరు. అది ఒక పట్టణం, ఒక మండలం, ఒక రెవెన్యూ డివిజన్, 2022 నుంచి ఒక జిల్లా. క్షేత్ర సమాచారంలో ‘బాపట్ల’ అని రాసిన సిబ్బంది దేనిని ఉద్దేశించారో తెలియకుండా ఆ అంకెను జిల్లా వరుసలోకి తేకూడదు. ఒక మండలంలోని పంట కోత ప్రయోగాల ఫలితం జిల్లా అంతటి రంగుగా మారే ప్రమాదం ఇక్కడే ఉంది.

రెండవది గుంటూరు అనే పేరు. 1970లో కొత్త జిల్లా ఏర్పడక ముందు ఒంగోలు, చీరాల ప్రాంతాలు కూడా గుంటూరు జిల్లాలోనివే. ఆ తరువాత 2022 వరకు ఉన్న గుంటూరు జిల్లాలో నరసరావుపేట పల్నాడూ, తెనాలి డెల్టా, బాపట్ల–రేపల్లె సముద్రతీరమూ కలిసి ఉండేవి. 2022లో పల్నాడు విడి జిల్లా అయింది. బాపట్ల, రేపల్లె, వేమూరు ప్రాంతాలు బాపట్ల జిల్లాకు వెళ్లాయి. ఒకే పేరుకు ఈ విధంగా మూడు భూభాగాలు ఉన్నాయి. నేటి గుంటూరు జిల్లా అంకెను పాత గుంటూరు సరిహద్దులో నింపితే, తెనాలి వరి పొలాల రంగు పల్నాడు పత్తి, మిరప నేలల మీద కూడా పరచుకొంటుంది. ఆ పటం చూసి వరికి సంబంధించిన సిఫారసును ఎక్కడికి చేర్చాలో నిర్ణయించే వారికి అది తప్పుదారి చూపుతుంది.

సాఫ్ట్‌వేర్ ఏ కాలపు సరిహద్దును వాడుతున్నదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. నాలుగు అడ్డు వరుసల చిన్న పట్టిక తయారుచేసి, Country వరుసలో India, State వరుసలో Andhra Pradesh, District వరుసలో వరుసగా Guntur, Bapatla, Palnadu, Prakasam అని రాయాలి. విలువలకు బదులు చివరి వరుసలో ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క వర్గం పేరు ఇస్తే నాలుగు వేర్వేరు రంగులు వస్తాయి. పటం మీద రెండుసార్లు నొక్కి Map labels వద్ద Show all ఎంచుకొని, Map area వద్ద Only regions with data ఎంచుకోవాలి. ఇప్పుడు గుంటూరు ఆకృతి సముద్రాన్ని తాకుతున్నదేమో చూడాలి. 2022 విభజనలో ఏర్పడిన గుంటూరు జిల్లాకు తీరరేఖ లేదు, తీరం బాపట్ల జిల్లాకు వెళ్లింది. గుంటూరు రంగు బంగాళాఖాతం వరకు వచ్చిందంటే సరిహద్దు పాతది. అటువంటప్పుడు బాపట్ల, పల్నాడు పేర్లు రంగు లేకుండా మిగిలిపోవడం, లేదా ఏదో ఊరుగా భావింపబడి నమ్మకం శాతం తగ్గడం కూడా గమనించవచ్చు. గుంటూరు తీరానికి దూరంగా ఆగి, దానికి సముద్రానికి నడుమ బాపట్ల రంగు కనిపిస్తే పేరూ భూభాగమూ కుదిరినట్లే.

ఈ పరీక్షను పటం తయారుచేసిన ప్రతిసారీ చేయాలి. బింగ్ సేవలోని సరిహద్దులు మన ప్రమేయం లేకుండానే మారవచ్చు. జిల్లాల సరిహద్దులను ప్రభుత్వమూ తిరిగి సవరించవచ్చు. 2022 నాటి అంకెలకు ఆనాటి సరిహద్దే కావాలి.

5. సరిహద్దు పాతదైతే చేయవలసింది

పరీక్షలో పాత సరిహద్దు వచ్చిందని అనుకొందాం. బాపట్ల అంకెను గుంటూరు అంకెతో కలిపి ‘Guntur’ అని రాస్తే సరిపోతుందనిపిస్తుంది, కాని సరిపోదు. 2022 నాటి బాపట్ల జిల్లాలోని చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు పాత ప్రకాశం జిల్లా నుంచి వచ్చినవి. జిల్లా మొత్తాన్ని ఏ ఒక్క పాత జిల్లాకూ చేర్చలేము. మండలాల అంకెలకు దిగి, ప్రతి మండలాన్నీ దాని పాత జిల్లాకు కేటాయించి తిరిగి కూడాలి. అందుకే మూల పట్టికలో మండలం పేరు, పాత జిల్లా, కొత్త జిల్లా అనే మూడు వరుసలూ మొదటినుంచీ ఉంచడం మేలు. పేరు పక్కన కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని కోడ్ కూడా రాసుకుంటే, తరువాత పేరు రాత మారినా ఆ అడ్డు వరుస ఏ మండలానిదో తెలుస్తుంది.

ఇలా కూడేటప్పుడు విద్యార్థులు తరచుగా దిగుబడుల సరాసరిని తీస్తారు. లెక్క విధానం చూపడానికి మాత్రమే రెండు ఊహా మండలాలను తీసుకొందాం. మొదటి మండలంలో 4,000 హెక్టార్లు, హెక్టారుకు 6 టన్నులు. రెండవ మండలంలో 1,000 హెక్టార్లు, హెక్టారుకు 4 టన్నులు. రెండు దిగుబడుల సాదా సరాసరి 5 టన్నులు. కాని మొత్తం ఉత్పత్తి 24,000, 4,000 కలిపి 28,000 టన్నులు, మొత్తం విస్తీర్ణం 5,000 హెక్టార్లు. కాబట్టి నిజమైన దిగుబడి 5.6 టన్నులు. పటంలో రంగు తరగతి మారిపోవడానికి ఈ తేడా చాలు. C వరుసలో విస్తీర్ణం, D వరుసలో దిగుబడి ఉన్నప్పుడు సూత్రం ఇది.

```
=SUMPRODUCT(C2:C3,D2:D3)/SUM(C2:C3)
```

మొత్తం ఉత్పత్తికి బదులు హెక్టారు దిగుబడినే రంగుగా చూపడానికి కూడా ఇక్కడే కారణం ఉంది. పెద్ద రాష్ట్రంలో గాని పెద్ద జిల్లాలో గాని ఉత్పత్తి సహజంగానే ఎక్కువ. మొత్తం ఉత్పత్తిని రంగుగా నింపితే పటం నేల పరిమాణాన్నే మరోసారి చూపుతుంది.

మండలాల మధ్య తేడాయే చెప్పదలచిన విషయమైతే ఈ సాధనాన్ని విడిచిపెట్టాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె మండలాల దిగుబడులను పోల్చడానికి మూడు కడ్డీల పట్టీ చిత్రం చాలు. పటమే కావాలనుకుంటే మండల సరిహద్దుల ఫైలును క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, మన పట్టికను కోడ్ ఆధారంగా దానికి జోడించాలి. అక్కడ సరిహద్దు ఏ సంవత్సరానిదో మనమే ఎంచుకోగలుగుతాము.

6. ప్రచురణకు ముందు

రంగులు లేత నుంచి ముదురుకు పోయే ఒకే వర్ణంలో ఉంటే నలుపు–తెలుపు అచ్చులో కూడా పటం చదవవచ్చు. పట్టికలోని అడ్డు వరుసల సంఖ్యా, పటంలో రంగు పడిన ప్రాంతాల సంఖ్యా సమానమో కాదో లెక్కించాలి. చిన్న కేంద్రపాలిత ప్రాంతాలు కంటికి ఆనవు కనుక వాటిని పెద్దదిగా చేసి చూడాలి. దేశపు బాహ్య సరిహద్దును, ముఖ్యంగా జమ్మూ కాశ్మీర్, లద్దాఖ్ భాగాలను, సర్వే ఆఫ్ ఇండియా పటంతో పోల్చాలి. సాఫ్ట్‌వేర్ చూపే రేఖ దానికి భిన్నంగా ఉంటే ఆ పటాన్ని మన దేశంలో ప్రచురించరాదు.

పటం కింద రాసే వివరణలో విలువ, దాని ప్రమాణం, వ్యవసాయ సంవత్సరం, సరిహద్దుల తేదీ, గుర్తింపబడని ప్రాంతాలు అనే ఐదు విషయాలు ఉండాలి. పై ఉదాహరణకు తగిన వివరణ ఈ విధంగా ఉంటుంది: ‘ఖరీఫ్ వరి దిగుబడి, హెక్టారుకు టన్నులలో, 2022–23. జిల్లాల సరిహద్దులు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజన ప్రకారం. తెనాలి మండలం గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లె మండలాలు బాపట్ల జిల్లాలోను లెక్కించబడినవి. జిల్లా దిగుబడి మండలాల విస్తీర్ణాన్ని బట్టి గణించబడినది. రంగు లేని జిల్లాలకు సమాచారం లభ్యం కాలేదు.’ చివరి వాక్యం రాయడానికి ముందు, రంగు లేని ప్రతి జిల్లా పేరునూ C వరుసలో మరొకసారి చూసి, అది సమాచారం లేని జిల్లాయే గాని గుర్తింపు దొరకని పేరు కాదని నిర్ధారించుకోవాలి.